రిజిస్ట్రేషన్లు 2,400, గేటు లెక్క 2,310

ఈ ప్రసంగంలో ఒక చిన్న కథ చెప్పి, అందులోని లెక్కను మీతో కలిసి విప్పి చూడాలనుకుంటున్నాను. కథ కల్పితం. అందులోని అంకెలు ఉదాహరణకోసం వేసుకున్నవి. కథ ఇది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఒకరోజు ఫెస్టు. కన్వీనర్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. రాత్రి పదకొండు దాటాక స్టేజి లైట్లు విప్పుతుండగా ఆమె ముందుకు రెండు అంకెలు వచ్చాయి. ఆన్‌లైన్ ఫారంలో రిజిస్ట్రేషన్లు 2,400. గేటు దగ్గర వాలంటీర్లు చేతి కౌంటర్లు నొక్కి లెక్కపెట్టినవి 2,310. తేడా తొంభై. ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ ఆ కాగితం చూసి, "తొంభై మందే రాలేదంటే బ్రహ్మాండంగా జరిగినట్టేనమ్మా, రిపోర్టులో అదే రాసెయ్" అన్నారు. గేటు కుర్రాడు కూడా "మేం ఒక్కళ్ళని కూడా వదల్లేదక్కా, అందర్నీ నొక్కాం" అన్నాడు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడారు. కానీ ఆ అమ్మాయి రిపోర్టు రాయలేదు. భోజనాలు పూర్తయిన మూడు గంటల వేళకు గేటు కౌంటరు 1,650 చూపిందని ఆమెకు గుర్తుంది. అప్పటికి క్యాటరింగ్ వాళ్ళ దగ్గర లేచిన ప్లేట్లు 1,240. ఫీజులోనే భోజనం కలిసి ఉన్నప్పుడు, లోపలికి వచ్చిన వాళ్ళలో నాలుగు వందల మంది తినకుండా ఉంటారా అన్నది ఆమె సందేహం.

ఆ సందేహం సరైనదని నా వాదన. ఇంకో మాట కూడా అంటాను. రెండు లెక్కలు దగ్గరదగ్గరగా వచ్చినంత మాత్రాన రెండూ నిజమని కాదు. ఈ కథలో తొంభై అనే చిన్న తేడా వెనక ఎదురెదురు దిశల్లో లాగే పెద్ద పెద్ద తేడాలు నాలుగైదు ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలిన చిల్లర ఆ తొంభై. తేడా వేలల్లో వచ్చి ఉంటే ఎవరైనా నిలదీసి అడిగేవారు. చిన్నగా వచ్చింది కాబట్టి ఎవరూ అడగలేదు.

ముందుగా ఈ రెండు అంకెలూ దేన్ని లెక్కపెట్టాయో చూద్దాం. ఫారంలో ఒక వరుస అంటే ఎవరో ఒకరు ఒకసారి "సబ్మిట్" నొక్కారని అర్థం. గేటు దగ్గర ఒక నొక్కు అంటే ఎవరో ఒకరు ఒకసారి గేటు దాటారని అర్థం. రెండింటిలో ఏదీ మనిషి కాదు. పెళ్ళికి పంచిన శుభలేఖల సంఖ్య ఒకటి, పంక్తిలో వేసిన విస్తళ్ళ సంఖ్య ఇంకొకటి, అవి రెండూ కలవాలని ఏ ఆడపెళ్ళివారూ అనుకోరు. ఒక్కో శుభలేఖకు ఇంటిల్లిపాదీ రావచ్చు, ఒక్కరూ రాకపోవచ్చు. ఫెస్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం కంప్యూటర్లో ఉన్న అంకె కాబట్టి అది మనుషుల సంఖ్యే అన్న నమ్మకం ఎందుకో కలుగుతుంది.

మన కన్వీనర్ మొదట ఫారం తెరిచింది. క్విజ్‌కు ఒకసారి, పేపర్ ప్రెజెంటేషన్‌కు ఒకసారి, రోబో రేసుకు ఒకసారి నింపిన విద్యార్థి అందులో మూడు వరుసలుగా కూర్చున్నాడు. ఇలాంటి పునరుక్తుల్ని తీసేయడం వినడానికి తేలిక. చేయబోతే హాల్ టికెట్ నంబరును ఒకరు పెద్ద అక్షరాల్లో, ఒకరు చిన్న అక్షరాల్లో, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి రాసి ఉంటారు. సున్నా బదులు ఇంగ్లిషు 'ఓ' అక్షరం కొట్టిన వాళ్ళుంటారు. కంప్యూటరు దృష్టిలో వీళ్ళంతా వేర్వేరు మనుషులు. పోనీ పేరును బట్టి తీసేద్దామంటే సాయికిరణ్‌లు ఒక్క బ్రాంచిలోనే ముగ్గురుంటారు. అందుకని నంబర్లన్నీ ఒకే పద్ధతిలోకి మార్చి, నంబరు, ఫోను రెండూ కలిపి చూసి, అనుమానం వచ్చిన చోట కంటితో సరిచూడాలి. అలా చూస్తే 410 వరుసలు పోయి 1,990 మిగిలాయి. అంతలో ఇంకో సంగతి బయటపడింది. జట్టుగా పాల్గొనే పోటీల్లో జట్టు నాయకుడు ఒక్కడే ఫారం నింపి, మిగిలిన వాళ్ళ పేర్లు కింద ఒక గడిలో రాశాడు. అలా వరుస లేకుండా గడిలో దాక్కున్న వాళ్ళు 310 మంది. వాళ్ళను కలిపితే రిజిస్టరైన మనుషులు 2,300. అంటే 2,400 అన్న అంకె ఒకవైపు 410 ఎక్కువ చెప్పింది, మరోవైపు 310 తక్కువ చెప్పింది.

ఇక గేటు. అక్కడ అసలు సాక్ష్యం చేతి బ్యాండ్ల చుట్టలో ఉంది. దాన్ని ఎవరూ లెక్కగా అనుకోలేదు. డెస్కు దగ్గర పేరు చెప్పిన ప్రతి ఒక్కరికీ మణికట్టుకు ఒక కాగితం బ్యాండు అంటించారు. ఆ బ్యాండ్లు వరుస నంబర్లతో వస్తాయి. పొద్దున విప్పిన మొదటి నంబరు, రాత్రి మిగిలిన మొదటి నంబరు తెలిస్తే ఎన్ని ఖర్చయ్యాయో తెలిసిపోతుంది. ఈ కథలో 1,728 ఖర్చయ్యాయి, చిరిగి పారేసినవి 8, కాబట్టి 1,720 మంది. బ్యాండు అవసరం లేకుండా మెడలో కార్డుతో తిరిగిన వాలంటీర్లు, అధ్యాపకులు, అతిథులు, సౌండ్ సిస్టం వాళ్ళు కలిపి 160. మొత్తం 1,880 మంది మనుషులు. గేటు కౌంటరు మాత్రం 2,310 అంది. మిగిలిన 430 నొక్కులు టీకి బయటికెళ్ళి వచ్చినవాళ్ళవి, హాస్టలుకు వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చినవాళ్ళవి, పదిసార్లు అటూ ఇటూ తిరిగిన వాలంటీర్లవి. గేటు కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం, అతడు ఎవర్నీ వదల్లేదు. వచ్చిన ప్రతిసారీ నొక్కమన్నారు, నొక్కాడు. ఏది నొక్కాలో చెప్పకపోవడం నిర్వాహకుల లోటు.

ఇలాంటి నికర తేడాల విషయంలో జనాభా లెక్కల వాళ్ళు చాలాకాలంగా జాగ్రత్తగా ఉంటున్నారు. మన దేశంలో జనగణన ముగిశాక కొన్ని ఎంపిక చేసిన ప్రాంతాల్లో మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి ఒక తనిఖీ సర్వే చేస్తారు. 2011 జనగణనకు జరిపిన ఆ సర్వేలో వెయ్యికి 23 మంది నికరంగా లెక్కలోకి రాలేదని తేలింది. నికరం అంటే లెక్కలో తప్పిపోయిన వాళ్ళలోంచి రెండుసార్లు లెక్కకెక్కిన వాళ్ళను తీసేయగా మిగిలింది. ఇద్దరు తప్పిపోయి, ఇద్దరు రెండుసార్లు నమోదైతే నికర తేడా సున్నా. కానీ ఆ తప్పిపోయిన ఇద్దరూ తప్పిపోయిన వాళ్ళే. మన ఫెస్టు తొంభై కూడా ఈ కోవకు చెందిందే.

కథలో కష్టమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. బ్యాండు వేసేటప్పుడు రిజిస్ట్రేషన్ జాబితాలో ఆ పేరు పక్కన టిక్ పెట్టాలి. రాత్రి చూస్తే టిక్కులు 1,160 మాత్రమే. అక్కడికక్కడే డబ్బు కట్టి స్పాట్ రిజిస్ట్రేషన్ చేసుకున్న వాళ్ళ రసీదులు 190. రెండూ కలిపితే 1,350. బ్యాండ్లు వెళ్ళింది 1,720 చేతులకు. "మిగతా 370 మందిని ఉత్తినే ఎవరు వదిలారు?" అని కోఆర్డినేటర్ అడిగారు. ఆ ప్రశ్న వినగానే డెస్కు దగ్గర రోజంతా నిలబడ్డ రెండో సంవత్సరం పిల్లల ముఖాలు వాడిపోయాయి. స్నేహితులను ఫీజు లేకుండా పంపారన్న నింద తప్ప ఆ ప్రశ్నకు ఇంకో అర్థం లేదు.

నింద వేసే ముందు అడగాల్సింది ఒకటుంది. డెస్కు టిక్కులు ఎంతవరకు పూర్తిగా ఉన్నాయి? వంద మంది రిజిస్టరైన వాళ్ళు వస్తే ఎంతమందికి టిక్ పడింది? దీన్ని తేల్చే పద్ధతి మన దేశపు గడ్డమీదే రూపుదిద్దుకుంది. భారతీయ జనాభా శాస్త్రవేత్త సి. చంద్రశేఖర్, అమెరికా గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి 1949లో ఒక వ్యాసం ప్రచురించారు. కలకత్తాకు దగ్గర్లోని సింగూరు ప్రాంతంలో జనన మరణాల రిజిస్టరు ఒకవైపు, ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జాబితా మరోవైపు పెట్టుకుని, రెండింటిలో దేనికీ చిక్కని జననాలు, మరణాలు ఎన్ని ఉండవచ్చో వాళ్ళు అంచనా కట్టారు. రిజిస్టరు ఒకటి చెప్పి, తిరిగి రాసుకున్న లెక్క ఇంకొకటి చెప్పినప్పుడు ఏం చేయాలన్నదే వాళ్ళ సమస్య కూడా.

పద్ధతి ఇంత తేలిక. మనకు రెండో జాబితా ఒకటి కావాలి, అది డెస్కుతో సంబంధం లేకుండా తయారై ఉండాలి. ఫెస్టులో అలాంటిది ఉంది. పోటీలు జరిగిన గదుల్లో పాల్గొన్న వాళ్ళు పెట్టిన సంతకాల షీట్లు. వాటిలో రిజిస్ట్రేషన్ జాబితాకు చెందిన పేర్లు మాత్రం ఏరితే 800 తేలాయి. ఈ ఎనిమిది వందల మందీ ఫెస్టుకు నిస్సందేహంగా వచ్చారు. వాళ్ళలో డెస్కు టిక్ ఉన్నవాళ్ళు 640. అంటే వచ్చిన వాళ్ళలో నూటికి 80 మందికే డెస్కు టిక్ పెట్టగలిగింది. 1,160 టిక్కులు నూటికి 80 అయితే, నూటికి నూరు 1,450. రిజిస్టరై వచ్చిన వాళ్ళు 1,450, రసీదులున్న వాళ్ళు 190, మొత్తం 1,640. లెక్కకు అందని వాళ్ళు 370 నుంచి 80కి దిగారు. నిందలో నాలుగింట మూడు వంతులకు పైగా, రద్దీలో పెన్ను కదలని టిక్కులు అని తేలిపోయింది.

ఇంకా 80 మంది ఉన్నారు కదా అంటారు. ఆ మాట దగ్గర ఈ పద్ధతికున్న పరిమితి చెప్పాలి. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలన్నాను. నిజానికి పొద్దున తీరిగ్గా వచ్చిన వాళ్ళకు టిక్ పడే అవకాశం ఎక్కువ, వాళ్ళే పోటీల్లో సంతకం పెట్టే అవకాశమూ ఎక్కువ. సాయంత్రం సంగీతం కోసం ఒక్కసారిగా వచ్చిన వాళ్ళకు రెండూ తక్కువ. ఇలా రెండు జాబితాలు ఒకే రకం మనుషుల్ని పట్టుకుంటే అంచనా అసలుకన్నా తక్కువ వస్తుంది. చంద్రశేఖర్, డెమింగ్‌లకు ఇది తెలుసు. జనాన్ని ఒకే తీరుగా ఉండే చిన్న గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు విడిగా లెక్క కట్టి, తర్వాత కలపమని వాళ్ళు చెప్పారు. మన కన్వీనర్ కూడా అయిదు గంటలను గీతగా పెట్టుకుంది. బ్యాండు డెస్కులో సగం రోజుకో షీటు మార్చారు కాబట్టి విడదీయడం కుదిరింది. పగటిపూట సంతకం పెట్టిన 700 మందిలో 580 మందికి టిక్ ఉంది. పగటి టిక్కులు 900, ఆ లెక్కన పగలు వచ్చింది దాదాపు 1,086. సాయంత్రం సంతకం పెట్టిన 100 మందిలో 60 మందికే టిక్ ఉంది. సాయంత్రపు టిక్కులు 260, కాబట్టి వచ్చింది 433 మంది. రెండూ కలిపితే 1,519. రసీదులు 190 చేరిస్తే 1,709. బ్యాండ్లు 1,720. తేడా పదకొండు.

ఈ అంచనాకు అటూ ఇటూ అరవై డెబ్బై మంది వరకు తప్పు పడే వీలుంది. సాయంత్రపు షీట్లలో సంతకాలు వందే కాబట్టి ఆ తప్పులో ఎక్కువ భాగం అక్కడిదే. ఆ మేరకు పదకొండుకు అర్థమేమీ లేదు. ఉత్తినే లోపలికి వచ్చిన వాళ్ళు ఎవరూ లేరని ఈ లెక్క నిరూపించదు, కొందరు వచ్చి ఉండవచ్చు కూడా. కానీ 370 మంది అన్న నిందకు ఆధారం లేదని మాత్రం గట్టిగా చెబుతుంది. రోజంతా ఎండలో నిలబడిన పిల్లల మీద ఒక అంకెను ఆధారం చేసుకుని నేరం మోపే ముందు, ఆ అంకె ఎలా పుట్టిందో చూడటం పెద్దల బాధ్యత అని నేను నమ్ముతున్నాను. రిజిస్టరై రాని వాళ్ళు ఎంతమందో కూడా ఈ దారిలోనే తేలింది. 2,300లోంచి 1,519 తీసేస్తే దాదాపు 780, అంటే మూడింట ఒక వంతు. రిపోర్టులో రాయబోయిన అంకె తొంభై.

దీనికి రాగల అభ్యంతరాల్లో మొదటిది బలమైనది. ఒక్కొక్కరికీ ఒక క్యూఆర్ కోడ్ పంపి గేటు దగ్గర స్కాన్ చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని. చాలా మేరకు నిజమే. ఒక కోడ్ రెండోసారి వస్తే యంత్రం ఒప్పుకోదు కాబట్టి మళ్ళీ మళ్ళీ వచ్చిన వాళ్ళను కొత్తవాళ్ళుగా లెక్కపెట్టే పొరపాటు పోతుంది. కానీ స్కానింగు తన తప్పుల్ని తాను తెస్తుంది. కోడ్ స్క్రీన్‌షాట్ స్నేహితుడికి వెళ్తే, ముందు వచ్చినవాడు లోపలికి పోతాడు, అసలు మనిషి గేటు దగ్గర ఆగిపోతాడు. వేలమంది ఫోన్లు ఒక మైదానంలో చేరాక నెట్‌వర్కు మందగిస్తుంది, స్కానర్ జవాబివ్వడానికి తిప్పలు పడుతుంది, వెనక వరుస పెరుగుతుంది, చివరికి వాలంటీరు చేత్తో "వెళ్ళండి, వెళ్ళండి" అంటాడు. అప్పుడు స్కాన్ లెక్క కూడా మన టిక్కుల్లాగే నూటికి కొంతమందినే పట్టిన జాబితా అవుతుంది. దాన్ని పరీక్షించడానికి మళ్ళీ రెండో జాబితా కావలసిందే. కాబట్టి క్యూఆర్ పెట్టండి, బ్యాండు నంబర్లు కూడా రాసుకోండి.

రెండో అభ్యంతరం స్పాన్సర్ల గురించి. వాళ్ళకు ఒక్క అంకె కావాలి, నాలుగు చెబితే ఏదో దాస్తున్నామనుకుంటారని. ఒక్క అంకే ఇవ్వవచ్చు, కాకపోతే అది దేని లెక్కో చెప్పి ఇవ్వాలి. స్టాల్ పెట్టిన కంపెనీకి కావలసింది ఎంతమంది సందర్శకులు వచ్చారన్నది, వాళ్ళకు 1,720 ఇవ్వాలి. క్యాటరింగ్ వాళ్ళకు ఇవ్వాల్సింది భోజనం వేళకు లోపల ఉన్న వాళ్ళ సంఖ్య. సర్టిఫికెట్లకు సంతకాల షీట్లు. గేటు నొక్కులు 2,310 ఈ మూడింటిలో దేనికీ పనికిరావు.

ఆ 2,310 మరీ ప్రమాదకరంగా మోసం చేసే చోటు ఇంకొకటుంది. రోజంతా ఎంతమంది వచ్చారన్నది వేరు, ఈ నిమిషంలో లోపల ఎంతమంది ఉన్నారన్నది వేరు, గేటు బయట ఎంతమంది ఒత్తుకుంటున్నారన్నది పూర్తిగా వేరు. మన కథలో బయటికి వెళ్ళే వాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి రెండోది తెలియదు. మూడోదాన్ని లెక్కపెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. 2023 నవంబరు 25న కొచ్చిలోని కొచ్చిన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో టెక్ ఫెస్టు సందర్భంగా సంగీత కార్యక్రమం ఏర్పాటైంది. ఓపెన్ ఎయిర్ ఆడిటోరియం బయట జనం వేచి ఉండగా వాన పడింది. తలదాచుకోవడానికి అందరూ ఒకేసారి లోపలికి తోసుకురావడంతో ప్రవేశద్వారం మెట్ల మీద జనం ఒకరిమీద ఒకరు పడిపోయారు. నలుగురు చనిపోయారు, పదులకొద్దీ గాయపడ్డారు. ఎంతమంది రిజిస్టరయ్యారు, ఎంతమంది గేటు దాటారు అన్న లెక్కలు ఎంత పక్కాగా ఉన్నా అలాంటి క్షణం గురించి ముందుగా ఏమీ చెప్పలేవు. ఆ రద్దీ పుట్టింది గేటు బయట.

గేటు బయటి రద్దీని మాత్రం ముందే అంచనా కట్టవచ్చు. ఒక మనిషి పేరు వెతికి, టిక్ పెట్టి, బ్యాండు అంటించడానికి పది సెకన్లు పడుతుందనుకోండి. నాలుగు డెస్కులుంటే నిమిషానికి 24 మంది. సాయంత్రం ఆరింటికి మొదలై పావుగంటలో అయిదు వందల మంది వస్తే, 360 మంది లోపలికి వెళ్తారు, 140 మంది బయట మిగులుతారు. వాళ్ళు నిలబడ్డ చోటు 30 చదరపు మీటర్లే అయితే పది చదరపు మీటర్లకు దాదాపు 47 మంది. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు వాడే మార్గదర్శిలో, పక్కాగా కట్టిన నిల్చునే గ్యాలరీలకు పెట్టిన గరిష్ఠ హద్దు సరిగ్గా అంతే. మెట్ల మీద, చీకట్లో, చినుకుల్లో ఆ హద్దు కూడా ఎక్కువే. ఆ సమయానికి రోజు మొత్తం లెక్క ఏ అంకె చూపినా దానితో పనిలేదు. చేయాల్సింది బ్యాండు డెస్కులను మెట్లకు దూరంగా, ఖాళీ మైదానంలోకి మార్చడం, సాయంత్రం వచ్చేవాళ్ళ కోసం ఇంకో రెండు డెస్కులు వేయడం, రెండో గేటును తాళం వేయకుండా మనిషిని పెట్టి ఉంచడం.

మన కన్వీనర్ వచ్చే ఏడాది కమిటీకి ఇచ్చిన కాగితంలో వివరణలు రాయలేదు, పనులే రాసింది. ఫారంలో హాల్ టికెట్ నంబరు తప్పు రూపంలో రాస్తే తీసుకోకుండా నియమం పెట్టాలి, జట్టులో ప్రతి ఒక్కరికీ విడి వరుస ఉండాలి. బ్యాండు చుట్ట మొదటి నంబరు, గంటగంటకూ నంబరు రాసుకోవాలి. గేటు దగ్గర ఎవరు లోపలికి వచ్చినా ప్రతిసారీ కౌంటరు నొక్కాలి, బయటికెళ్ళే దారిలో ఇంకో కౌంటరు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు పావుగంటకోసారి ఒకరు గేటు బయటికి వెళ్ళి వేచి ఉన్నవాళ్ళను లెక్కపెట్టి, అంకెను ఫోన్లో కన్వీనర్‌కు చెప్పాలి. ఆ అంకె వంద దాటితే పాట ఆపించే అధికారం కన్వీనర్‌కు ఉండాలి, అది ముందే ప్రిన్సిపాల్‌తో రాతపూర్వకంగా ఒప్పించి పెట్టుకోవాలి.